అవిసె గింజలు ఒక్కటే తింటే ఒమేగా-3 సరిపోతుందా?

ప్రశ్న: మేం శాకాహారులం. రోజూ అవిసె పొడి తింటున్నాం. వాల్‌నట్స్, ఆల్గే ఆయిల్ కూడా కావాలా?

జవాబు: సగం వరకు సరిపోతుంది. అవిసెలో ఉండేది ఏఎల్ఏ అనే ఒమేగా-3. ఒక టేబుల్ స్పూన్ పొడిలో సుమారు 1.6 గ్రాములు ఉంటుంది, పెద్దవాళ్లకు రోజుకు దాదాపు అంతే కావాలి. గుప్పెడు వాల్‌నట్స్‌లోనూ ఉండేది అదే ఏఎల్ఏ. కాబట్టి అవి రుచికి తినండి, లోటు తీర్చడానికి కాదు.

చిక్కంతా మెదడుకు, కంటికి కావాల్సిన డీహెచ్ఏ అనే ఇంకో రకం ఒమేగా-3 దగ్గరే. ఏఎల్ఏ నుంచి శరీరం దాన్ని చాలా కొద్దిగానే తయారుచేసుకుంటుంది. వంటంతా పొద్దుతిరుగుడు నూనెతోనే అయితే ఆ కొద్దీ ఇంకా తగ్గుతుంది, అందులోని ఒమేగా-6 అడ్డుపడుతుంది. చేపలకు కూడా డీహెచ్ఏ వచ్చేది నాచు నుంచే. ఆల్గే ఆయిల్ అంటే చేపను దాటేసి నేరుగా నాచు దగ్గరకు వెళ్లడమే.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రోజుకు కనీసం 200 మిల్లీగ్రాముల డీహెచ్ఏ అవసరం. వాళ్లు డాక్టర్‌ని అడిగి ఆల్గే క్యాప్సూల్ వాడటం మేలు. కొనేటప్పుడు సీసా మీద 'ఆయిల్ 500 మి.గ్రా.' అన్నది కాదు, డీహెచ్ఏ ఎంతో విడిగా చూడండి.

అవిసెలు పొడి చేసే తినండి, గింజలు నమలకుండా మింగితే అలాగే బయటికొచ్చేస్తాయి. పొడి కొద్దికొద్దిగా చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. పాత నూనె వాసన వస్తే పారేయండి.