వెంట్ పైపు లోంచి నీళ్ళు పోతుంటే చూడాల్సింది మిక్సర్‌నే

చిరంజీవి సుధకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు, రాసిన లక్షణాలు చూశాను. రాత్రిళ్ళు కుళాయి ఏదీ తిప్పకపోయినా ప్రెషర్ పంపు ఆడుతూనే ఉంటుంది. డాబా మీద సోలార్ ట్యాంకు వెంట్ పైపు నుంచి నీళ్ళు కారుతుంటాయి. సాయంత్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్న నీళ్ళు తెల్లారేసరికి గోరువెచ్చగా అయిపోతాయి. పైగా ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్ళు వెచ్చగా తగులుతున్నాయి. ఇవి నాలుగు జబ్బులు కావు, ఒక్కటే. మేడ మీది బాత్‌రూమ్ వాల్ మిక్సర్‌లో చన్నీళ్ళు వేడినీళ్ళ లైన్లోకి దాటిపోతున్నాయి. సోలార్ వాళ్ళు ట్యాంకు మార్చాలన్నా, పంపు మెకానిక్ పంపు మార్చాలన్నా ప్రస్తుతానికి ఒప్పుకోకు.

మీ ఇంట్లో ఏం జరుగుతోందో లెక్క వేసి చూద్దాం. ఓవర్‌హెడ్ ట్యాంకు స్టాండు ఎత్తు, అందులో నీటి మట్టం కలిపితే మిక్సర్ నుంచి దాదాపు 5 మీటర్లు. పది మీటర్ల నీటి ఎత్తుకి ఒక బార్ ఒత్తిడి చొప్పున మిక్సర్ దగ్గర వేడి లైన్లో ఉన్నది అర బార్. సోలార్ ట్యాంకుకి నీళ్ళు వచ్చేది కూడా ఆ ట్యాంకు నుంచే, దానికి పంపు లేదు కాబట్టి అంతకు మించి రాదు. చన్నీళ్ళ లైనుకి మాత్రం పంపు పెట్టించారు. అది ఇంకో ఒకటిన్నర బార్ కలుపుతుంది, అంటే అక్కడ 2 బార్. ఈ రెండు లైన్లూ మిక్సర్ కడుపులో ఒకే గదిలో కలుస్తాయి. ముందు మూతి తెరిచి ఉంటే నీళ్ళు బయటికి పోతాయి. మూతి మూసి, రెండు నాబ్‌లూ తెరిచి ఉంటే 2 బార్ నీళ్ళు అర బార్ వైపు తోసుకుపోతాయి. వాటికి వేరే దారి ఎక్కడుంది?

ఆ మూతి ఎక్కడ మూస్తున్నారంటే, పిల్లాడికి వేడినీళ్ళతో కడగడం కోసం మిక్సర్‌కి తగిలించిన హెల్త్ ఫాసెట్ దగ్గర. ట్రిగ్గర్ వదిలేస్తే నీళ్ళు ఆగాయి కదా అని నాబ్‌లు అలాగే వదిలేస్తారు. బటన్‌తో ఆగే హ్యాండ్ షవర్ పెట్టినా ఇదే కథ. వేడి లైన్లోకి దాటిన నీళ్ళు పైకెక్కి సోలార్ ట్యాంకులోకి వెనక నుంచి దూరతాయి. అక్కడి నుంచి కొన్ని చన్నీళ్ళ ఫీడ్ పైపు ద్వారా తిరిగి ఓవర్‌హెడ్ ట్యాంకులోకి పోతాయి, అది వెచ్చబడేది అందుకే. మిగిలినవి వెంట్ పైపు పొర్లించేస్తుంది. 2 బార్ అంటే మిక్సర్ నుంచి 20 మీటర్ల ఎత్తుకి నీళ్ళు లేపే బలం, మీ వెంట్ పైపు కొస మహా అయితే 6 మీటర్ల ఎత్తులో ఉంది. పంపు తాను లాగిన నీళ్ళే తిరిగి తనకి వస్తుంటే కట్-ఆఫ్ ఒత్తిడి ఎప్పుడూ అందదు, కాబట్టి ఆగదు.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా. నీళ్ళు పోతున్నాయని వెంట్ పైపుకి ఎవరైనా మూత బిగిస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపు. మీది ఒత్తిడి తట్టుకునే ట్యాంకు కాదు. మూత పెడితే పంపు ఒత్తిడికి ట్యాంకు అతుకులు విచ్చుకుంటాయి, నీళ్ళు దిగేటప్పుడు లోపల గాలి అందక సొట్ట కూడా పడుతుంది.

ముందు నా మాట నిజమో కాదో పరీక్ష చేసి చూసుకో. పొద్దున్నే, నీళ్ళు మరీ మరిగిపోయే వేళ కాకుండా చెయ్యి. పంపు ఆన్‌లోనే ఉంచు. హెల్త్ ఫాసెట్ మిక్సర్ నాబ్‌లు రెండూ రోజూ వదిలేసినట్టే తెరిచి, ట్రిగ్గర్ వదిలేసి ఉంచు. డాబా మీద సోలార్ ట్యాంకు నుంచి వేడినీళ్ళు దిగే పైపు మీద బాల్ వాల్వ్ ఉంటుంది, దాన్ని మూసెయ్. కిందికి వచ్చి వంటింట్లో విడిగా ఉన్న వేడినీళ్ళ కుళాయి తిప్పు. పైపులో మిగిలిన నీళ్ళు కాసేపు వచ్చి, సన్నబడి ఆగిపోవాలి. ఆగకుండా చల్లగా, జోరుగా వస్తూనే ఉంటే ఆ నీళ్ళు ఏదో ఒక మిక్సర్ లోంచి దాటి వస్తున్నవే. కుళాయి అలాగే వదిలేసి, ఒక్కో మిక్సర్ నాబ్‌లు రెండూ మూస్తూ రా. దేన్ని మూసినప్పుడు ధార ఆగిందో దొంగ అదే. అన్నీ మూసినా ధార ఆగకపోతే సింగిల్ లీవర్ మిక్సర్లని అనుమానించు. వాటి కార్ట్‌రిడ్జ్‌లో సిరామిక్ బిళ్ళ కింద ఇసుక గీసుకుపోతే లీవర్ మూసి ఉన్నా లోలోపల దాటుతుంది. అలాంటప్పుడు కింద యాంగిల్ కాక్‌లు కట్టి చూడాలి.

ఇక మరమ్మతు. ఆ మిక్సర్‌కి వచ్చే రెండు లైన్ల మీదా నీళ్ళని ఒక్క దిక్కునే పోనిచ్చే చెక్ వాల్వ్ ఒక్కోటి పెట్టించు, దుకాణంలో ఎన్నార్వీ అని అడిగితే ఇస్తారు. వేడి వైపు ఒక్కటి చాలదా అంటావేమో. పంపు ఆగి ఉండి, కింద ఎవరో ఫ్లష్ లాగితే చన్నీళ్ళ లైన్లో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు వేడినీళ్ళు ఎదురు దాటి ఫ్లష్ ట్యాంకులోకి పోతాయి. అందుకే రెండు వైపులా.

కొందరు ప్లంబర్లు డాబా మీదే, సోలార్ వేడి పైపుకి ఒక్క ఎన్నార్వీ బిగించి వెళ్ళిపోతారు. వెంట్ పైపు కారడం ఆగుతుంది, డబ్బులిచ్చేస్తాం. కానీ దాటడం ఆగలేదు. ఇంట్లోని మొత్తం వేడి లైను 2 బార్ చన్నీళ్ళతో నిండి ఉంటుంది, వంటింట్లో వేడి కుళాయి తిప్పితే చల్లనివే వస్తాయి. పెట్టాల్సిన చోటు మిక్సర్ ముందే. యాంగిల్ కాక్ ఉంటే దాని తర్వాత, మిక్సర్ కన్నా ముందు.

వాల్వ్ ఎంచుకోవడం దగ్గర కాస్త ఆలోచించాలి. స్ప్రింగ్ ఉన్నది ఏ దిక్కున బిగించినా పనిచేస్తుంది, కానీ స్ప్రింగ్‌ని తెరవడానికి కొంత ఒత్తిడి ఖర్చవుతుంది. 0.03 బార్‌తో తెరుచుకునేదాన్ని తీసుకుంటే 30 సెంటీమీటర్ల నీటి ఎత్తు పోయినట్టు. మీకు 5 మీటర్లు ఉంది కాబట్టి తెలియదు. ట్యాంకుని స్లాబు మీదే పెట్టుకుని, షవర్‌కి ఒకటిన్నర మీటరు కూడా ఎత్తు లేని ఇళ్ళలో ఆ 30 సెంటీమీటర్లూ బాగా తెలుస్తాయి. అలాంటి చోట రెక్క ఊగే స్వింగ్ రకం నయం. అయితే దాన్ని అడ్డంగా ఉన్న పైపు మీదో, నీళ్ళు పైకెక్కే పైపు మీదో మాత్రమే పెట్టాలి. డాబా నుంచి నిలువుగా కిందికి దిగే పైపుకి పెడితే రెక్క వేలాడుతూ తెరిచే ఉండిపోతుంది. మీకు అర అంగుళం ఇత్తడి స్ప్రింగ్ రకం తీసుకో. వేడి వైపు దానికి లోపలి సీలు ఈపీడీఎమ్ రబ్బరుదేనా అని అడుగు. ఎండాకాలం సోలార్ నీళ్ళు 80 డిగ్రీలు దాటతాయి, మామూలు రబ్బరు గట్టిపడి కొన్నాళ్ళకి లీకవుతుంది.

మీ మిక్సర్ గోడలోంచి వచ్చే రెండు అర అంగుళం ముఖాలకి వంకర కాళ్ళతో బిగించి ఉంది. అక్కడ నేరుగా ఎన్నార్వీలు పెడితే మిక్సర్ గోడ నుంచి ముందుకి పొడుచుకొచ్చి, ఫ్లాంజ్ గోడకి ఆనదు. దానికన్నా బాత్‌రూమ్ వెనక డక్ట్‌లో పైపులు బయటికి కనిపిస్తున్నాయి కదా, ఈ బాత్‌రూమ్‌కి విడిపోయే వేడి, చల్ల పాయల మీద అక్కడే పెట్టించు. టైలు పగలగొట్టే పని ఉండదు, రేపు వాల్వ్ విప్పాలన్నా అందుతుంది. ఒక్కోదానికి ఒక ఎన్నార్వీ, సీపీవీసీ పైపుకి అతికే మరల ఇత్తడి అడాప్టర్లు రెండు, ఒక యూనియన్, చన్నీళ్ళ వైపు అదనంగా ఒక వై స్ట్రెయినర్ కావాలి. మీది బోరు నీళ్ళు కాబట్టి స్ట్రెయినర్ వద్దనకు.

పంపు ప్లగ్ పీకించి, రెండు లైన్లూ మూసి నీళ్ళు ఖాళీ చేయించాక పైపు కోస్తారు. కోసిన వెంటనే వాల్వ్ పెట్టనివ్వకు. ముందు ఒకసారి మూసిన లైను తెరిచి బకెట్టు నీళ్ళు ఆ కొస నుంచి వదిలించి, రంపపు పొట్టు, ఇసుక కొట్టుకుపోనివ్వాలి. ఒక్క ప్లాస్టిక్ పొట్టు సీటు మీద ఇరుక్కున్నా కొత్త ఎన్నార్వీ మొదటి రోజే దాటనిస్తుంది, అందరూ వాల్వ్‌ని తిడతారు. బిగించే ముందు నోటితో ఊది చూడమను: బాణం గుర్తు దిక్కున గాలి పోవాలి, ఎదురు ఊదితే పోకూడదు. బాణం మిక్సర్ వైపు ఉండాలి. టెఫ్లాన్ టేపు మొదటి మరని వదిలేసి చుట్టాలి, లేకపోతే దాని పీలికే లోపలికి పోతుంది. పానా వాల్వ్ చివర ఆరు పలకల మీదే పట్టాలి, మధ్య ఒంటి మీద పడితే లోపలి సీటు వంకరపోతుంది. సీపీవీసీ జిగురు డబ్బా మీద రాసిన సమయం అయ్యేదాకా పంపు వెయ్యొద్దు.

అయ్యాక పరీక్ష ఇలా. మిక్సర్ నాబ్‌లు రెండూ పూర్తిగా తెరిచి, హెల్త్ ఫాసెట్ ట్రిగ్గర్ వదిలేసి, పంపు వెయ్. కొన్ని సెకన్లలో పంపు దానంతటది ఆగిపోవాలి. పది నిమిషాలు డాబా మీద వెంట్ పైపు దగ్గర నిలబడు, చుక్క రాకూడదు. తర్వాత ఇందాకటి బాల్ వాల్వ్ పరీక్ష మళ్ళీ చెయ్యి.

ఎన్నార్వీ దాటడాన్ని ఆపుతుంది, ఒత్తిళ్ళని సమానం చెయ్యదు. షవర్ విప్పి రెండు నాబ్‌లూ పూర్తిగా తెరిస్తే మిక్సర్ గదిలో ఒత్తిడి అర బార్ దాటుతుంది, వేడి వైపు ఎన్నార్వీ మూసుకుపోతుంది, చన్నీళ్ళే పడతాయి. వాల్వ్ పెట్టాక వేడినీళ్ళు రావట్లేదని నువ్వు ఫోన్ చేసేది దీనికే. చన్నీళ్ళ నాబ్ తగ్గించి పెట్టుకుంటే కలిపి వాడుకోవచ్చు. అలాగని నాబ్ తగ్గిస్తే చాలు, ఎన్నార్వీ ఎందుకు అనుకోకు. అది నీళ్ళు పారుతున్నప్పుడే ఒత్తిడి తగ్గిస్తుంది. మూతి మూసుంటే సన్నగా అయినా రాత్రంతా దాటుతూనే ఉంటాయి. ఎప్పుడైనా ఆ బాత్‌రూమ్ టైలు మార్చేటట్టయితే, దాని చన్నీళ్ళ పైపుని పంపుకి ముందే ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి విడిగా తెప్పించు. రెండు వైపులా అర బార్ ఉంటే గొడవే లేదు, షవర్ కాస్త మెల్లగా పడుతుందంతే.

మీ కింది బాత్‌రూమ్‌లో కరెంటు గీజరు ఉందిగా, అక్కడ కూడా ఎన్నార్వీలు పెడతానంటే పెట్టనివ్వు. కానీ గీజరుకీ, దాని సేఫ్టీ వాల్వ్‌కీ మధ్య మాత్రం ఏదీ రాకూడదు. కాగేటప్పుడు సేఫ్టీ వాల్వ్ కాస్త చుక్కలు కారిస్తే అది దాని పనే.

హెల్త్ ఫాసెట్ వాడాక నాబ్‌లు కట్టేయమని ఇంట్లో అందరికీ చెప్పు. ఎన్నార్వీ ఉన్నా సరే, ట్రిగ్గర్‌తో ఆపి వదిలేస్తే ఆ సన్నటి గొట్టం రాత్రంతా 2 బార్ మోస్తుంది, ఊళ్ళో లేనప్పుడు పగిలితే ఇల్లంతా నీళ్ళే. బోరు నీళ్ళ సున్నం పట్టి ఎన్నార్వీలు రెండు మూడేళ్ళలో బిగుసుకుపోవచ్చు. సంవత్సరానికోసారి మిక్సర్ నాబ్‌లు తెరిచి ఉంచి బాల్ వాల్వ్ పరీక్ష చేసి, ధార ఆగకపోతే యూనియన్ విప్పించి కాసేపు వెనిగర్‌లో నానబెట్టు. అప్పటికీ దాటనిస్తే కొత్తది వేయించు.

డక్ట్‌లో పైపుల ఫొటో ఒకటి పంపు, వేడి పాయ ఏదో గుర్తు పెట్టి పంపిస్తాను.

మీ పెదనాన్న