10 లక్షలు ఆరుగురు పంచుకుంటే

ప్రశ్న: నాకు 38, నా భార్యకు 35. పిల్లలకు 9, 5 ఏళ్లు. నాన్నకు 66, షుగర్ ఉంది. అమ్మకు 61, ఏ జబ్బూ లేదు. ఆరుగురికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్‌కు, అంటే అందరూ ఒకే బీమా మొత్తాన్ని పంచుకునే ఆరోగ్య బీమా పాలసీకి, ఏడాదికి 82,500 రూపాయలు చెప్పారు. ఎవరికి వారికి 10 లక్షల పాలసీ అయితే మొత్తం 1,09,000. అందులో నాన్నకు 41,500, అమ్మకు 33,800. మా నలుగురికే 10 లక్షల ఫ్లోటర్ 23,700, అమ్మానాన్నలకే అయితే 61,000. విడివిడి పాలసీల కన్నా 26,500 మిగులుతుంది కాబట్టి అందరికీ కలిపే తీసుకుందామనుకుంటున్నాను. ఎప్పుడైనా చాలకపోతే యాప్‌లో పర్సనల్ లోన్ తీసుకోవచ్చు కదా?

జవాబు: మీరు మిగులు అంటున్నది మిగులు కాదండీ. 82,500కు ఇంటి మొత్తానికి వచ్చేది 10 లక్షలే. 1,09,000కు వచ్చేది మనిషికి 10 లక్షల చొప్పున 60 లక్షలు. చాలామంది ప్రీమియం అంకె ఒక్కటే చూసి, దానికి ఎంత రక్షణ వస్తోందో చూడకుండా సంతకం పెట్టేస్తారు. ఇక్కడ జరుగుతున్న పొరపాటు అదే.

ఇంకో లెక్క మీ చేతిలోనే ఉంది. మీ నలుగురి 23,700, అమ్మానాన్నల 61,000 కూడితే 84,700. ఆరుగురి ఫ్లోటర్ కన్నా 2,200 మాత్రమే ఎక్కువ. ఆ 2,200కు మీ నలుగురికి ఒక 10 లక్షలు, వారిద్దరికి ఇంకో 10 లక్షలు విడిగా ఉంటాయి.

ఇది ఎందుకు ముఖ్యమో ఒక ఏడాది ఊహించి చూడండి. ఏప్రిల్‌లో నాన్నగారికి బైపాస్ జరిగి 6.5 లక్షల క్లెయిమ్ అయింది. ఆగస్టులో మీ భార్యకు ఆపరేషన్, బిల్లు 4.8 లక్షలు. ఆరుగురి ఫ్లోటర్‌లో మిగిలింది 3.5 లక్షలే, 1.3 లక్షలు మీ జేబులోంచి పోతాయి. అయిపోయిన మొత్తాన్ని మళ్లీ నింపే సదుపాయం ఉందిగా అంటారేమో. కొన్ని పాలసీల్లో అది బీమా మొత్తం పూర్తిగా ఖర్చయ్యాకే పనిచేస్తుంది, కొన్నింటిలో అదే మనిషికి అదే జబ్బుకు వర్తించదు. పాలసీ పత్రంలో ఆ వాక్యం చదవకుండా దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఆ 1.3 లక్షలకు యాప్ లోన్ అన్నారు. ఆ మాట దయచేసి మరిచిపోండి. నెలకు 2.5 శాతం వడ్డీ అనుకున్నా నెలకు 3,250 రూపాయలు వడ్డీకే పోతాయి. మనిషి ఆసుపత్రిలో ఉండగా అప్పు షరతులు చదివే ఓపిక ఎవరికీ ఉండదు. బీమా కట్టని ఖర్చుల కోసం మూడు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంచండి. అప్పు దాని స్థానంలోకి రాకూడదు.

ఫ్లోటర్‌కు ప్రీమియం వేసేది సాధారణంగా అందరిలో పెద్దవారి వయసును బట్టి. నాన్నగారు తర్వాతి వయసు శ్లాబులోకి వెళ్లిన ఏడాది ఆ పెంపు ఆరుగురి పాలసీ మీదా పడుతుంది. ఆయన ఒక్క క్లెయిమ్ చేస్తే, క్లెయిమ్ లేని ఏడాదికి బీమా మొత్తానికి అదనంగా కలిపే నో క్లెయిమ్ బోనస్ కూడా అందరికీ కలిపే తగ్గే అవకాశముంది. మీ నలుగురిదీ దగ్గరి వయసుల, చిన్న వయసుల జట్టు. ఒకే ఏడాది ఇద్దరికి పెద్ద ఖర్చు వచ్చే అవకాశం తక్కువ. మీకు ఫ్లోటరే సరిపోతుంది, పిల్లలకు విడి పాలసీలు అనవసరం.

అమ్మానాన్నల విషయంలో నా సలహా వేరు. ఇద్దరికీ చెరొక పాలసీ తీసుకోండి. 61,000 బదులు 75,300 అవుతుంది, 14,300 ఎక్కువ. దానికి అమ్మగారికి తనదంటూ 10 లక్షలు ఉంటాయి, ప్రీమియం కూడా ఆమె 61 ఏళ్లను బట్టే ఉంటుంది. నాన్నగారి షుగర్ వల్ల వచ్చే క్లెయిములు ఆమె వాటాను తాకవు. మీ నలుగురి ఫ్లోటర్‌తో కలిపి మొత్తం 99,000. ఈ ఏడాది అంత కట్టలేకపోతే 84,700 దగ్గర ఆగండి. అంతకన్నా కిందికి మాత్రం దిగొద్దు. పాత పన్ను విధానంలో ఉంటే ఆరోగ్య బీమా ప్రీమియం మీద మీ కుటుంబానికి 25,000 వరకు, 60 దాటిన తల్లిదండ్రులకు 50,000 వరకు మినహాయింపు వస్తుంది.

ప్రపోజల్ ఫారంలో నాన్నగారి షుగర్ ఎప్పుడు మొదలైంది, ఏ మందులు వాడుతున్నారు అన్నది దాచకుండా రాయించండి. ఏజెంటు వద్దన్నా రాయించండి. దాస్తే క్లెయిమ్ తిరస్కరించవచ్చు, పాలసీనే రద్దు చేయవచ్చు. ఆరుగురి ఫ్లోటర్ అయితే ఆ దెబ్బ పిల్లల దాకా వస్తుంది. రాస్తే ముందునుంచీ ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం, గరిష్ఠంగా మూడేళ్లు. ఆ మూడేళ్లు పాలసీ మొదలైన రోజు నుంచే లెక్క, కాబట్టి ముందు నాన్నగారి పాలసీ ఫారం నింపండి.