ఒకే కాన్పులో పుట్టాయి, ఒకటి మూడేళ్లకే పోయింది

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. మా మగపిల్లికి ఏడాది దాటింది, ఎప్పుడూ బయటే తిరుగుతుంది. ఇంట్లో ఉంచితే పదిహేనేళ్లు, బయట తిరిగితే మూడేళ్లే బతుకుతాయంటున్నారు. నిజమేనా? తలుపులేసి ఉంచెయ్యాలా?

జవాబు:

ఆ మూడేళ్ల లెక్క మీ పిల్లిది కాదండీ, ఎవరూ పెంచని వీధి పిల్లులది. వాటిలో కూనలుగానే పోయేవి ఎక్కువ. అమెరికాలోని నార్త్ కరోలినాలో 169 వీధికూనల్ని గమనిస్తే, ఆరు నెలల్లోపే 127 చనిపోవడమో కనబడకుండా పోవడమో జరిగింది. అన్ని పసిచావులు కలిస్తే సగటు పడిపోదా మరి. బయటికి వెళ్లే పిల్లులు ఎక్కువగా ఉండే బ్రిటన్‌లో 2015లో వచ్చిన అధ్యయనం ప్రకారం పెంపుడు పిల్లుల ఆయుష్షు పద్నాలుగేళ్ల దాకా ఉంది. కాకపోతే అక్కడ కూడా ఐదేళ్లు నిండకుండా పోయినవాటిలో దెబ్బలు తగిలి పోయినవే ముందుంటాయి, అందులోనూ బండి కింద పడ్డవే ఎక్కువ. అంటే మీ వాడికి అసలు గండం ఐదేళ్లు నిండేదాకానే.

మా అనుభవం చెప్తాను. హుద్‌హుద్ వెళ్లిన వారానికి, పెదవాల్తేరులో మా సందులో కూలిన చెట్టు కొమ్మల కింద రెండు కూనలు దొరికాయి. ఆడదానికి మల్లి, మగదానికి కర్రోడు అని పేర్లు పెట్టాం. మల్లి స్వతహాగా పిరికిది, గడప దాటలేదు. కర్రోడు ఎనిమిదో నెల నుంచే రాత్రి గోడ దూకి పెదజాలరిపేట వైపు పోయేవాడు. చేపల వాసన మరి! పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని డాక్టరు గారు ఆర్నెల్లకే చెప్పారు. 'మగదానికెందుకులే' అని మేమే ఊరుకున్నాం.

ఆపరేషన్ కాని మగపిల్లి కదా, ఏడాది తిరక్కుండా దెబ్బలాటలు మొదలయ్యాయి. పిల్లి కోర సూదిలా దిగుతుంది, పైన చిన్న చుక్క తప్ప ఏమీ కనబడదు. ఆ రంధ్రం తొందరగా మూసుకుపోయి క్రిమి లోపల చిక్కుకుంటుంది. మూడో రోజుకి బుగ్గ మీదో తోక మొదట్లోనో వాపు, ఒళ్లు కాలడం, తిండి మానడం. తర్వాత గడ్డ పగిలి కంపుకొట్టే చీము. కర్రోడికి ఇలా నాలుగుసార్లయింది. ప్రతిసారీ డాక్టరు గారు గడ్డ కోసి, కడిగి, యాంటీబయాటిక్ ఇచ్చారు. మేము మానింది కదా అనుకున్నాం.

మానింది గడ్డ మాత్రమే. మూడో ఏట చిగుళ్లు ఎర్రగా పుండై, చేప ముక్క నోట పెట్టుకుని వదిలేసేవాడు. బరువు తగ్గాడు. రక్తపరీక్షలో ఎఫ్ఐవీ తేలింది. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని తినేసే వైరస్ అది. ముఖ్యంగా లోతైన కాట్ల ద్వారా సోకుతుంది, మనుషులకు రాదు. ఒకే గిన్నెలో తిన్న మల్లికి పరీక్ష చేయిస్తే లేదని వచ్చింది. ఎఫ్ఐవీ ఉన్నా ఇంట్లో ఉంచితే ఏళ్ల తరబడి బతకొచ్చని డాక్టరు గారు ధైర్యం చెప్పారు. అప్పుడు ఆపరేషన్ చేయించాం గానీ, అప్పటికే వాడికి రాత్రి తిరుగుడు అలవాటైపోయింది. అరుపులు భరించలేక మా అమ్మ తలుపు తీసేది. నేనూ తీశాను, అబద్ధమెందుకు.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున రోడ్డు పక్కన దొరికాడు. కుక్కలు పట్టాయేమో అనుకున్నాం. గోళ్లు చిట్లి, అరిగి ఉండడం, కింది దవడ నడిమికి విరగడం చూసి బండే గుద్దిందన్నారు డాక్టరు గారు. బండి ఈడ్చినప్పుడు పిల్లి గోళ్లతో నేలను పట్టుకోబోతుందట. నీరసించిన పిల్లికి తప్పించుకునే చురుకుదనం ఎక్కడిది? అందుకే వాణ్ని చంపింది బండి ఒక్కటే అని నేననుకోను.

మల్లికి పదేళ్లు దాటాయి. కిటికీలో కూచుని కాకుల్ని తిడుతుంటుంది.

మీ వాడికి ముందు ఆపరేషన్ చేయించండి, రేబీస్ టీకా కూడా వేయించండి. తర్వాత రాత్రుళ్లు ఆపండి. పగలు తిండి తగ్గించి, పొద్దుగుంకే ముందు ఇంట్లోనే కడుపునిండా పెట్టి, తిన్నాక తలుపు వేసెయ్యండి. కొన్నాళ్లు గోల చేస్తాడు. మధ్యలో ఒక్కరాత్రి తీశారా, అరిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటాడు. మేం పడింది అక్కడే. ఇసుక తొట్టి రెండుంచండి. పైఅంతస్తయితే బాల్కనీకి పావురాల వల కట్టించండి, పిల్లులూ జారిపడతాయి.

ఇంట్లో ఉంచిన మగపిల్లికి ఒక ప్రమాదం వేరే ఉంది. తిని కదలక లావెక్కితే, నీళ్లు తక్కువ తాగితే, మూత్రనాళం మూసుకుపోవచ్చు. మాటిమాటికీ తొట్టిలో కూచుని ముక్కుతూ చుక్క రాకపోతే మలబద్ధకం అనుకుని మర్నాటిదాకా ఆగొద్దు, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అది అర్ధరాత్రయినా డాక్టరుకి ఫోన్ చెయ్యాల్సిన సంగతి.