స్క్రీన్‌షాట్‌లో పైనున్న యాపే బ్యాటరీ తింటోందా?

ప్రశ్న: ఆండ్రాయిడ్ ఫోన్. బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోంది. Battery usage స్క్రీన్‌షాట్ తీసి చూస్తే యూట్యూబ్ 41% అని అన్నిటికంటే పైన ఉంది. దాన్ని తీసేస్తే సరిపోతుందా? కింద చిన్న చిన్న అంకెలతో ఉన్న యాప్స్‌ని కూడా పట్టించుకోవాలా?

జవాబు:

యూట్యూబ్‌ని ఇప్పుడే తీసేయకండి. పోయిన ఏడాది మా నాన్నగారి ఫోన్‌కి ఇదే సమస్య వచ్చింది. ఆయన తెనాలి దగ్గర మా ఊళ్లో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. ఆయన వాట్సాప్‌లో పంపిన స్క్రీన్‌షాట్లు చూసే నేను తేల్చుకోవాల్సి వచ్చింది. మొదట నేనూ పైనున్న పేరునే అనుమానించాను, అది తప్పని తర్వాత తెలిసింది.

మొదటి స్క్రీన్‌షాట్‌లో ఉన్నది ఇది. రాత్రి 8 గంటలకు ఫుల్ ఛార్జ్ అయి ఛార్జర్ తీశారు. గ్రాఫ్‌లో 11 గంటలకు బ్యాటరీ 78%. పొద్దున 6కి 57. మధ్యాహ్నం 12కి 20. యాప్స్ వరుసలో యూట్యూబ్ 38%, ఒక వాతావరణం యాప్ 14%, వాట్సాప్ 12%, మొబైల్ నెట్‌వర్క్ 10%, మిగతావన్నీ అంతకంటే తక్కువ.

ముందు ఆ 38% దేంట్లో 38 అన్నది చూడాలి. చాలా ఫోన్లలో అది ఫుల్ బ్యాటరీలో 38 కాదు, అప్పటిదాకా ఖర్చయినదాంట్లో దాని వాటా. వంద రూపాయల్లో ఎనభై ఖర్చు పెట్టాక, ఆ ఎనభైలో 38 శాతం దేనికి పోయిందో లెక్క చెప్పినట్టు. నాన్నగారి ఫోన్ 100 నుంచి 20కి వచ్చింది కాబట్టి ఖర్చు 80. అందులో 38% అంటే బ్యాటరీలో సుమారు 30. కొన్ని ఫోన్లు మాత్రం నేరుగా ఫుల్ బ్యాటరీలో ఎంతో చూపిస్తాయి. మీది ఏ రకమో తెలియాలంటే వరుసలోని అంకెలన్నీ కూడి చూడండి. మొత్తం 100కి దగ్గరగా వస్తే వాటాలు, గ్రాఫ్ ఎంత పడిందో అంతే వస్తే నేరుగా బ్యాటరీ లెక్క.

ఇది తెలియకపోతే ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. ఛార్జర్ తీసిన గంటకే స్క్రీన్‌షాట్ తీస్తే, 5 మాత్రమే ఖర్చయి ఉంటుంది. అప్పుడు ఏదో యాప్ 60% అని భయపెడుతుంది. నిజానికి అది వాడింది 3. అందుకే కనీసం సగం బ్యాటరీ అయ్యాక తీసిన స్క్రీన్‌షాట్‌నే నేను నమ్ముతాను.

రెండో పని, యాప్ పేరు మీద నొక్కి, అది ఎంతసేపు తెర మీద ఉంది, ఎంతసేపు Background లో నడిచింది అని చూడటం. నాన్నగారి యూట్యూబ్ 3 గంటల 20 నిమిషాలు తెర మీదే ఉంది. 30ని ఆ సమయంతో భాగిస్తే గంటకు 9. తెర వెలుగుతూ, నెట్ నడుస్తూ, వీడియో ఆడుతుంటే ఆ మాత్రం ఖర్చు మామూలే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర ఖర్చును అప్పుడు ఎదురుగా ఉన్న యాప్ ఖాతాలోనే వేస్తారు, అందుకే మనం ఎక్కువసేపు చూసే యాప్ తరచూ పైనే ఉంటుంది. వాట్సాప్ కూడా అంతే: 80లో 12% అంటే దాదాపు 10, తెర మీద గంటా పది నిమిషాలు. గంటకు 8 చొప్పున, తేడా ఏమీ లేదు.

వాతావరణం యాప్ దగ్గర ఆగిపోయాను. 14% అంటే బ్యాటరీలో 11. తెర మీద 3 నిమిషాలు, Background లో 6 గంటల 50 నిమిషాలు! నాన్నగారు దాన్ని పొద్దున ఒక్కసారి తెరిచి ఎండ ఎంతుందో చూసి మూసేస్తారు. మూడు నిమిషాల వాడకానికి 11 అన్నది ఏ లెక్కకూ అందదు. మీ వరుసలో కూడా ఇలాంటిదాన్నే వెతకండి: అంకె చిన్నదైనా సరే, తెర సమయం దాదాపు సున్నా, Background గంటలకొద్దీ. పాటలు వినే యాప్, దారి చూపించే మ్యాప్ అయితే Background లో నడవడం సహజం, వాటిని పక్కన పెట్టండి.

ఇక గ్రాఫ్‌లో నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది రాత్రి భాగం. మనం నిద్రపోతాం, తెర ఆరిపోయి ఉంటుంది, కాబట్టి పడిందంతా మన ప్రమేయం లేకుండా పడినదే. నాన్నగారిది 11 నుంచి 6 దాకా, 7 గంటల్లో 21 పడింది. గంటకు 3. బాగున్న ఫోన్ రాత్రిపూట గంటకు ఒకటి లేదా అంతకన్నా తక్కువ పడాలి. ఆయన్ని గ్రాఫ్‌లో 2 నుంచి 4 మధ్య ఉన్న గడి మీద నొక్కి మళ్లీ స్క్రీన్‌షాట్ పంపమన్నాను. ఆ రెండు గంటల్లో వాతావరణం యాప్ 40%, మొబైల్ నెట్‌వర్క్ 35%. యూట్యూబ్ పేరే లేదు.

అంటే దొంగలు ఇద్దరు. వాతావరణం యాప్‌కి లొకేషన్ ఎప్పుడూ చూసే అనుమతి ఇచ్చి ఉంది. దాన్ని Allow only while using the app కి మార్పించి, యాప్ బ్యాటరీ సెట్టింగ్‌లో Restricted పెట్టించాను. ఆ రాత్రి 21కి బదులు 12 పడింది. రెండోది సిగ్నల్. ఆయన పడుకునే వెనక గదిలో ఒక గీతే వస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఫోన్ టవర్‌ని అందుకోవడానికి ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది, మాటిమాటికీ వెతుకుతుంది. ఫోన్‌ని ముందు గదిలో కిటికీ దగ్గర పెట్టమన్నాను. మర్నాడు రాత్రి 5 మాత్రమే పడింది. రెండు మార్పులూ ఒకే రోజు చేసి ఉంటే ఏది ఎంత పనిచేసిందో నాకు తెలిసేది కాదు. మీరూ రాత్రికి ఒక్కటే మార్చండి.

ఒక జాగ్రత్త. కనిపించిన ప్రతిదానికీ Restricted పెట్టకండి. వాట్సాప్‌కి పెడితే మెసేజ్‌లు ఆలస్యంగా వస్తాయి. బ్యాంకు, డాక్టర్ మెసేజ్‌లు వచ్చే ఫోన్ అయితే అది పెద్ద టెన్షన్. Google Play services పైన కనిపించినా దాన్ని ఆపకండి. వేరే యాప్స్ లొకేషన్, నోటిఫికేషన్ కోసం దాన్నే అడుగుతాయి, కాబట్టి చాలాసార్లు ఆ ఖర్చు అసలు ఇంకో యాప్‌ది. అప్పుడు లొకేషన్ అనుమతుల జాబితా తెరిచి, ఎవరికి All the time ఉందో చూడండి.

ఈ అంకెల్ని ఒకటి రెండు తేడాలతో పట్టుకుని వాదించాల్సిన పని కూడా లేదు. ఏ యాప్ ఎంత తింటోందో కొలిచే మీటరు ఫోన్‌లో లేదు. ప్రాసెసర్, నెట్‌వర్క్, తెర వంటివి ఎంతసేపు పనిచేశాయో లెక్కేసి, తయారీదారు ఇచ్చిన సగటు విలువలతో గుణించి ఫోన్ అంచనా వేస్తుంది. 14కీ 12కీ మధ్య తేడా వెతకకండి, 3 నిమిషాలకీ 7 గంటలకీ మధ్య తేడా వెతకండి.

మీ స్క్రీన్‌షాట్‌లో యూట్యూబ్ పక్కన తెర సమయం ఎంతుందో, రాత్రి 11కీ పొద్దున 6కీ బ్యాటరీ ఎంతెంత ఉందో రాస్తే మీ లెక్క కూడా వేసి చెబుతాను. రాత్రంతా ఏ యాప్ పేరూ పెద్దగా లేకుండానే గంటకు 3, 4 పడుతూ, ఫోన్ మూడు నాలుగేళ్ల పాతదైతే, యాప్స్ వెనక పడకుండా బ్యాటరీనే సర్వీస్ సెంటర్లో చూపించండి.