జననాంగాల దగ్గర పులిపిర్లు వస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న: యోని దగ్గర చిన్న పులిపిర్లు వచ్చాయి. ఇవి క్యాన్సర్‌గా మారతాయా? పాప్ స్మియర్ వెంటనే చేయించుకోవాలా? ఇప్పుడు వ్యాక్సిన్ వేసుకుంటే పోతాయా?

జవాబు: మామూలుగా మారవు. రెండింటికీ కారణం హెచ్‌పీవీ వైరసే అయినా, రకాలు వేరు. పదింటిలో తొమ్మిది పులిపిర్లు 6, 11 రకాల వల్ల వస్తాయి. క్యాన్సర్ విషయంలో ఎక్కువ భయపెట్టేవి 16, 18.

పులిపిర్లు మెత్తగా, చర్మం రంగులోనో కాస్త ముదురుగానో, గరుకుగా ఉంటాయి. కొన్ని కలిసిపోయి కాలీఫ్లవర్ ముక్కలా కనిపిస్తాయి. నొప్పి పెద్దగా ఉండదు, దురద ఉండొచ్చు. యోని లోపలి పెదవుల మీద రెండు వైపులా ఒకేలా, నున్నగా, దేని మొదలు దానికే విడిగా ఉన్న సన్నని బుడిపెలైతే అవి సహజమైనవే. వీటిని చూసి అనవసరంగా టెన్షన్ పడేవాళ్లు చాలామందే. గట్టిగా, నల్లగా ఉన్నా, పుండు పడినా, రక్తం కారినా డాక్టర్ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి.

పులిపిర్లు ఉన్నాయని పాప్ స్మియర్ లాంటి క్యాన్సర్ స్క్రీనింగ్ ముందుకు జరపక్కర్లేదు, మీ వయసుకు చెప్పిన గడువులోనే చేయించుకోండి. స్క్రీనింగ్‌లో చేసే హెచ్‌పీవీ పరీక్ష ప్రమాదకర రకాలనే వెతుకుతుంది. అందుకే పులిపిర్లు ఉన్నా నెగటివ్ రావొచ్చు. అయితే ఒకరికే రెండు రకాల వైరస్‌లూ సోకవచ్చు కాబట్టి పరీక్ష మానకూడదు.

వ్యాక్సిన్ ఉన్న పులిపిర్లను పోగొట్టదు. వాటికి పూత మందు, అతి చల్లదనంతో గడ్డకట్టించి తీసేయడం లాంటి చికిత్సలున్నాయి. ఇంకా సోకని రకాల నుంచి మాత్రం వ్యాక్సిన్ కాపాడుతుంది. నాలుగు లేదా తొమ్మిది వైరస్ రకాలను అడ్డుకునే టీకాల్లో 6, 11 ఉంటాయి, రెండు రకాలనే అడ్డుకునే టీకాలో ఉండవు. టీకా వేసుకున్నా స్క్రీనింగ్ ఆపకండి.