పంచమం మీద ఇరవై సెకన్లు

చిట్టీ,

దసరాకి గుడిలో నీ వేణువు కచేరీ అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పిన దగ్గర్నుంచి ఇంట్లో ఎవరొచ్చినా అదే మాట చెబుతున్నాను. కానీ మోహన ఆలాపనలో పంచమం మీద 20 సెకన్లు నిలుస్తానన్నావట, ఆ మాట వింటే గుబులుగా ఉంది.

నిటారుగా కూర్చో, శ్రుతి ముందే చూసుకో. ఇవి నీకు తెలిసినవే.

నీ వయసులో నేనూ ఒక పెళ్లి కచేరీలో అదే పంచమం పట్టాను. ఛాతీ పగిలేలా గాలి నింపి, మొదటి క్షణం నుంచే పొట్ట బిగించి ఊదాను. స్వరం శ్రుతిని దాటి పైకి ఎక్కింది. మృదంగం మామయ్య తలెత్తి చూసినా నాకు అర్థం కాలేదు. పదో సెకనుకి గాలి అయిపోయి, స్వరం కిందకి జారి, చివర్లో ఉత్త ఈల మిగిలింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఎందుకలా అయిందో చాలా ఏళ్లకి తెలిసింది. నిండిన ఊపిరితిత్తులు ఊదిన బుడగలాంటివి, మనం నెట్టకపోయినా వాటంతటవే గాలిని బయటికి తోస్తాయి. వేణువుకి కావలసిన ఒత్తిడి అంతకంటే తక్కువ. అందుకే మొదట్లో పొట్టతో నెట్టకూడదు, పైపెచ్చు ఊపిరి పీల్చినప్పటిలాగే పక్కటెముకల్ని విప్పి ఉంచి గాలిని ఆపి ఆపి వదలాలి. సగం దాటాక ఆ తోపు తగ్గిపోతుంది, అప్పుడు బొడ్డు కింద నుంచి పొట్ట మెల్లగా లోపలికి రావాలి. నీ చెయ్యి పొట్ట మీద వేసుకుని చూడు, ఆరేడు సెకన్ల వరకు అది కదలకూడదు.

రెండోది పెదవులు. నువ్వు వాడుకోగల గాలి మూడు లీటర్లు అనుకో. సెకనుకి 300 మిల్లీలీటర్లు పోతే పది సెకన్లే, 150 పోతే ఇరవై. ఆ తేడా పెదవుల సందులోనే ఉంది తల్లీ. సందు సగమైతే అదే ఒత్తిడికి ఖర్చూ దాదాపు సగమవుతుంది, కాకపోతే నాదం కాస్త చిన్నదవుతుంది. మరీ బిగిస్తే పీలగా వస్తుంది. నాదం పక్కన బుసబుస వినిపిస్తే గాలి రంధ్రం అంచుకి తగలకుండా వృథా అవుతోందన్నమాట, సందు కొంచెం తగ్గించి మళ్లీ ఊదు. తంబూరా పెట్టుకుని ఫోన్‌లో రికార్డు చెయ్యి, మొదటి మూడు సెకన్లూ చివరి మూడు సెకన్లూ పక్కపక్కన విను.

ఇంకో మాట, ఇది మాత్రం పెద్దనాన్న ఆజ్ఞ అనుకో. డాబా మీద ఒక్కదానివే సాధన చెయ్యకు. పెద్ద పెద్ద ఊపిర్లు వరసగా తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది. నేనలాగే పిట్టగోడ పక్కన కూలబడ్డాను. నాలుగు సార్లు ఊది రెండు నిమిషాలు ఆగు, కింద వసారాలో, మీ అమ్మ కళ్లముందు. ఆదివారం రికార్డింగ్ పంపు, ఎదురుచూస్తుంటాను.

నీ పెద్దనాన్న