ఒకే షేర్‌కు పుట్ రక్షణ

నా డబ్బు దాదాపు అంతా ఒకే కంపెనీ షేర్లలో ఉంది. వాటిని అమ్మకుండా పుట్ ఆప్షన్ కొని కాపాడుకోవచ్చా?

కాపాడుకోవచ్చు, కానీ గడువు తీరేవరకే. షేర్ ధర 100 అనుకోండి. ఆరు నెలల గడువున్న 90 స్ట్రైక్ పుట్‌కి షేరుకు 4 చొప్పున ప్రీమియం కట్టారు. ధర 60కి కూలినా 90కి అమ్మే హక్కు మీదే. ప్రీమియం పోను 86 మిగులుతుంది. మొదటి 10 నష్టం మాత్రం మీరే భరించాలి.

అసలు ఇబ్బంది ధర కదలనప్పుడు. ఆ 4 పోతుంది, మళ్లీ అదే రేటుకి కొంటే ఇంకో 4. అంటే ఏడాదికి 8 శాతం కరిగిపోతుంది! అందుకే ఏళ్ల తరబడి కొనొద్దంటాను. షేర్లను విడతలుగా అమ్ముకుంటూ, మిగిలినవాటికే పుట్ పెట్టుకోండి. కంపెనీ ఫలితాల ముందురోజు మాత్రం కొనకండి, అప్పటికే ప్రీమియం పెరిగిపోయి ఉంటుంది.